వంద రూపాయల డిపాజిట్‌లో 79 రూపాయలు అప్పుగా ఇవ్వవచ్చన్న లెక్క ఎక్కడ తప్పుతుంది? సీఆర్‌ఆర్, ఎస్‌ఎల్‌ఆర్, రెపో ఒకే ఖాతాలో కలిసే తీరు

ప్రశ్న: బ్యాంకుకు వంద రూపాయల డిపాజిట్ వస్తే సీఆర్‌ఆర్‌కు 3, ఎస్‌ఎల్‌ఆర్‌కు 18 పోగా మిగిలిన 79 అప్పుగా ఇవ్వవచ్చని చదువుకున్నాను. మరి మధ్యలో రెపో ఎందుకు? ఈ మూడింటిలో బ్యాంకు చేయి పట్టి నిజంగా ఆపేది ఏది? మా జిన్నింగ్ మిల్లు సీసీ లిమిట్ పెంచమని అడిగితే మేనేజరు గారు "పైన లిక్విడిటీ టైట్‌గా ఉంది" అన్నారు. నమ్మవచ్చా?

సమాధానం:

రోజువారీ పనిలో బ్యాంకును ముందుగా పట్టుకునేది సీఆర్‌ఆర్, అంటే డిపాజిట్లలో ఇంత వాటా ఆర్‌బీఐ దగ్గర నగదుగా ఉంచాలన్న నియమం. ఆ నగదుకు లోటు వస్తే ఎంత ధరకు పూడ్చుకోవచ్చో చెప్పేది రెపో, అంటే బాండ్లు ఇచ్చి ఆర్‌బీఐ దగ్గర తెచ్చుకునే అప్పు. రెపో తలుపు బ్యాంకుకు ఎంతవరకు తెరిచి ఉంటుందో తేల్చేది ఎస్‌ఎల్‌ఆర్‌కు, అంటే ప్రభుత్వ బాండ్ల వంటి వాటిలో తప్పనిసరిగా ఉంచాల్సిన వాటాకు, మించి దాని దగ్గర ఉన్న ప్రభుత్వ బాండ్ల మిగులు. కాబట్టి ఇవి మూడు వేర్వేరు కోతలు కావు. ఒకే ఖాతాలో సాయంత్రం మిగిలే నిల్వ చుట్టూ తిరిగే ఒకే ఏర్పాటుకు మూడు భాగాలు. నేను ఒక బ్యాంకు ట్రెజరీ విభాగంలో, ముంబైలో, చాలా ఏళ్లు ఈ నిల్వ చూసే కుర్చీలోనే కూర్చున్నాను, అందుకే లెక్కను అక్కడి నుంచే చెబుతాను.

మొదట ఆ 79 రూపాయల సంగతి. పాఠ్యపుస్తకంలోని ఆ లెక్క డిపాజిట్ ముందు వస్తుందని, దాంట్లో కొంత పక్కన పెట్టి తక్కినది అప్పుగా ఇస్తారని అనుకుంటుంది. ఆచరణలో అప్పు మంజూరైన క్షణంలో ఖాతాదారుడి ఖాతాలో జమ పడుతుంది, అంటే అప్పే డిపాజిట్‌ను పుట్టిస్తుంది. ఆ క్షణంలో బ్యాంకును ఏ నిష్పత్తీ అడ్డుకోదు. అడ్డు వచ్చేది ఖాతాదారుడు ఆ డబ్బును వేరే బ్యాంకులో ఖాతా ఉన్న మరొకరికి పంపినప్పుడు. ఆర్‌టీజీఎస్ అయినా, నెఫ్ట్ అయినా, యూపీఐ అయినా చివరికి పరిష్కారమయ్యేది రిజర్వు బ్యాంకు దగ్గర ప్రతి బ్యాంకుకూ ఉండే కరెంటు ఖాతాలోనే. సీఆర్‌ఆర్ లెక్క కూడా ఆ ఖాతా నిల్వ మీదనే జరుగుతుంది. చాలామంది సీఆర్‌ఆర్ డబ్బును ఎక్కడో బీరువాలో తాళం వేసి పెట్టినట్టు ఊహించుకుంటారు. పగలంతా ఆ డబ్బు చెల్లింపులకు తిరుగుతూనే ఉంటుంది, రోజు ముగిసే సరికి ఎంత మిగిలిందన్నదే లెక్క.

ఇప్పుడు నిబంధన. సీఆర్‌ఆర్ ఆర్‌బీఐ చట్టం 42వ సెక్షన్ నుంచి, ఎస్‌ఎల్‌ఆర్ బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం 24వ సెక్షన్ నుంచి వచ్చాయి. రెండింటికీ ప్రాతిపదిక బ్యాంకు డిపాజిట్లు, ఇతర బాకీల నికర మొత్తం, మా వాడుకలో ఎన్‌డీటీఎల్. సీఆర్‌ఆర్‌ను పక్షం మొత్తానికి సగటున నిలపాలి, అయితే ఏ ఒక్క రోజూ అవసరమైన మొత్తంలో 90 శాతం కంటే తగ్గకూడదు. రెండు పక్షాల క్రితం ముగింపు రోజున ఉన్న ఎన్‌డీటీఎల్ మీద లెక్క కడతారు కనుక పక్షం మొదలయ్యేనాటికే ఎంత నిలపాలో తెలిసి ఉంటుంది. ఈ రోజు ఇచ్చిన అప్పు వల్ల ఈ రోజు సీఆర్‌ఆర్ అవసరం పెరగదు, పెరిగితే తర్వాత పెరుగుతుంది. ఈ ఆలస్యాన్ని పట్టించుకోకపోతే కింద వచ్చే లెక్క అర్థం కాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది నేను చూసిన ఒక పక్షం, అంకెలను మాత్రం లెక్కకు వీలుగా గుండ్రం చేశాను. కాలం 2023 చివర, అప్పుడు సీఆర్‌ఆర్ 4.5 శాతం, ఎస్‌ఎల్‌ఆర్ 18 శాతం, రెపో రేటు 6.50. ఎన్‌డీటీఎల్ లక్ష కోట్ల రూపాయలు అనుకోండి. అంటే ఆర్‌బీఐ దగ్గర సగటున రోజుకు 4,500 కోట్లు ఉండాలి, ఏ రోజూ 4,050 కోట్లకు తగ్గకూడదు. పద్నాలుగు రోజులకు కలిపి 63,000 కోట్లు. రోజువారీ నిల్వలను ఇలా కూడి చూడటాన్ని మేము ప్రోడక్ట్ అంటాం, ట్రెజరీలో ఉదయం మొదటి ప్రశ్న "ప్రోడక్ట్ ఎంత మిగిలింది?" అన్నదే.

ఆ పక్షంలో మొదటి తొమ్మిది రోజులు జాగ్రత్త కొద్దీ రోజుకు 4,700 కోట్లు నిలిపాం. అలా 42,300 పూర్తయింది. మిగిలిన ఐదు రోజులకు 20,700 చాలు, అంటే రోజుకు 4,140. కాస్త ఊపిరి పీల్చుకునే స్థితి. పదో రోజు ఒక పెద్ద నిర్మాణ సంస్థకు 1,000 కోట్ల అప్పు విడుదలైంది. ఆ సంగతి బ్రాంచి నుంచి మాకు ముందుగా రాలేదు, సాయంత్రం నాలుగు గంటలకు ఆర్‌టీజీఎస్ తెర మీద చూసి తెలుసుకున్నాం. ఆ సంస్థ డబ్బు మొత్తాన్నీ ఇతర బ్యాంకుల్లో ఖాతాలున్న సరఫరాదారులకు పంపేసింది. మా నిల్వ 4,700 నుంచి 3,700 కోట్లకు పడిపోయింది.

ఇక్కడ రెండు లోటులు ఉన్నాయి. రోజువారీ కనీసానికి 350 కోట్లు తక్కువ, సగటు నిలబెట్టడానికి 440 కోట్లు తక్కువ. రెండోది తీరితే మొదటిది తానే తీరుతుంది కనుక 440 కోట్లు ఐదు రాత్రులకు తెచ్చుకోవాలి. 6.50 శాతం ధరకు దొరికితే వడ్డీ దాదాపు 39 లక్షలు. ఎక్కడా దొరక్క రెపో కంటే పావు శాతం ఎక్కువ ధర ఉన్న ఎంఎస్‌ఎఫ్‌కు, అంటే ఆర్‌బీఐ ఆపద అప్పు సదుపాయానికి, వెళ్లినా దాదాపు 41 లక్షలు. ఆ అప్పు మీద బ్యాంకుకు 8.5 శాతం వడ్డీ వస్తుందనుకుంటే ఐదు రోజులకు 1.16 కోట్లు. కాబట్టి ఆ సాయంత్రం సీఆర్‌ఆర్ ఆ అప్పును ఆపలేదు, ఒక చిన్న ఖర్చు మాత్రం తగిలించింది. తెచ్చుకోకుండా వదిలేస్తే సంగతి వేరు: లోటు మీద ఆర్‌బీఐ ప్రకటించే బ్యాంక్ రేటుకు 3 శాతం కలిపి జరిమానా వడ్డీ, అప్పటి రేట్ల ప్రకారం 9.75, లోటు కొనసాగితే అది బ్యాంక్ రేటుకు 5 శాతం పైకి చేరుతుంది. డబ్బు కంటే పై నుంచి వచ్చే ఉత్తరానికే మేము ఎక్కువ భయపడేవాళ్లం.

కథ అక్కడితో ముగియదు. తర్వాతి పక్షంలో ముందటి పక్షం ఇచ్చిన వెసులుబాటు లేదు. మళ్లీ సగటున 4,500 కోట్లు కావాలి, చేతిలో 3,700. ప్రతి రోజూ 800 కోట్ల లోటు. అదే ధరకు పద్నాలుగు రోజులకు దాదాపు 2 కోట్ల వడ్డీ. అప్పు మీద ఆ కాలానికి వచ్చేది 3.26 కోట్లు. ఇప్పటికీ కాగితం మీద లాభమే. అలాగైతే రోజూ రాత్రికి రాత్రి అప్పు తెచ్చి ఏళ్ల తరబడి నడిచే అప్పులు ఇస్తూ పోవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. పోలేకపోవడానికి కారణం ఎస్‌ఎల్‌ఆర్.

రెపో అంటే ప్రభుత్వ బాండును ఆర్‌బీఐకి అమ్మి, ఫలానా రోజున ఫలానా ధరకు తిరిగి కొంటానని ఒప్పుకొని నగదు తెచ్చుకోవడం. బాండు లేనిదే రెపో లేదు. బ్యాంకులు తమలో తాము, మ్యూచువల్ ఫండ్ల దగ్గర తెచ్చుకునే ట్రెప్స్‌లోనూ బాండు తాకట్టు పెట్టాల్సిందే. అలా పెట్టిన బాండును మళ్లీ ఎస్‌ఎల్‌ఆర్ కింద చూపకూడదు. మా ఉదాహరణలో ఎస్‌ఎల్‌ఆర్ అవసరం 18,000 కోట్లు, మా దగ్గర ఉన్న బాండ్లు 22,500 కోట్లు. రెపోకు పనికొచ్చేది ఆ 4,500 కోట్ల మిగులు మాత్రమే. తెచ్చుకునే నగదు కంటే అదనంగా ఇవ్వాల్సిన బాండ్లు, అంటే మార్జిన్, 5 శాతం అనుకుంటే 800 కోట్లు తెచ్చుకోవడానికి 840 కోట్ల బాండ్లు పోతాయి. ఇంకో 1,000 కోట్ల అప్పు ఇస్తే మరో 1,050 పోతాయి. ఇలా నాలుగో అప్పు దాకా లాగవచ్చు, అప్పటికి 3,990 కోట్ల బాండ్లు తాకట్టులో ఉంటాయి. మిగిలిన 510 కోట్లతో ఐదో అప్పు నిలబడదు.

ఆ గోడ దాటి ఇంకొక చిన్న గుమ్మం ఉంది, అదే ఎంఎస్‌ఎఫ్. 2011లో వచ్చిన ఈ సదుపాయం కింద ఎన్‌డీటీఎల్‌లో 2 శాతం మేరకు ఎస్‌ఎల్‌ఆర్ బాండ్లనే తాకట్టు పెట్టి ఒక రాత్రికి తెచ్చుకోవచ్చు, మా లెక్కలో 2,000 కోట్లు. అది ఆపద కోసం. రోజూ అక్కడికి వెళ్లే బ్యాంకు గురించి బజారులో మాట పుడుతుంది, ఆ తర్వాత బ్యాంకులు ఒకదానికొకటి రాత్రికి అప్పు ఇచ్చుకునే కాల్ మార్కెట్‌లో కూడా వాళ్లకు ధర పెంచే చెబుతారు.

ఇప్పుడు అదే పరిమాణంలో ఉన్న మరో బ్యాంకును పక్కన పెట్టి చూడండి. దాని బాండ్లు 18,400 కోట్లు. మిగులు 400 మాత్రమే. పదో రోజు మాకు వచ్చిన 440 కోట్ల లోటే వాళ్లకు వస్తే రెపో, ట్రెప్స్ ద్వారా పూర్తిగా తీరదు, మార్జిన్ పోను 380 కోట్ల దగ్గరే ఆగిపోతుంది. తక్కినది తాకట్టు లేని కాల్ మార్కెట్‌లో అడగాలి, లేదా ఎంఎస్‌ఎఫ్‌కు వెళ్లాలి. సీఆర్‌ఆర్ ఒకటే, రెపో రేటు ఒకటే, అయినా ఈ బ్యాంకు అప్పు ఇచ్చే ముందు ఆగి ఆలోచించాలి. ఇద్దరి మధ్య తేడా అంతా బాండ్ల మిగులులోనే ఉంది. అప్పులు డిపాజిట్ల కంటే వేగంగా పెరిగిన కాలంలో బ్యాంకులు బాండ్లు అమ్మి అప్పులు ఇస్తాయి, మిగులు తరుగుతూ వస్తుంది, తరిగిన కొద్దీ ఎస్‌ఎల్‌ఆర్ నిజమైన హద్దుగా మారుతుంది. మిగులు దండిగా ఉన్న రోజుల్లో ఎస్‌ఎల్‌ఆర్‌ను 18 నుంచి 17.5కు తగ్గించినా అప్పులు పెరగవు, ఎవరూ ఆ గోడను తాకి లేరు కాబట్టి.

ఎప్పుడూ ఇలాగే ఉండేదని అనుకోకండి. 1990లో ఎస్‌ఎల్‌ఆర్ 38.5 శాతం, సీఆర్‌ఆర్ 15 శాతం. దానికి తోడు 1991 మే నుంచి పెరిగిన డిపాజిట్ల మీద మరో 10 శాతం అదనపు సీఆర్‌ఆర్. వందలో యాభై మూడున్నర ముందే పోయేది. మీరు చదివిన తీసివేత లెక్క ఆ కాలానికి చక్కగా సరిపోతుంది, అప్పటి బ్యాంకులు ప్రభుత్వానికి తప్పనిసరి రుణదాతలు. 1991లో నరసింహం కమిటీ ఈ రెండింటినీ తగ్గించమని చెప్పాక ఎస్‌ఎల్‌ఆర్ 1997 నాటికి 25కు దిగింది, 2020లో 18కి వచ్చి అక్కడే ఉంది. పాఠ్యపుస్తకాలు మాత్రం ఇంకా పాత లెక్కతోనే నడుస్తున్నాయన్నది నా ఫిర్యాదు.

ఇక రెపో ఎందుకు అన్న మీ ప్రశ్న. ఒక్క బ్యాంకుకు లోటు వస్తే ఇంకో బ్యాంకు మిగులు తెచ్చి పూడ్చుకోవచ్చు. మా సరఫరాదారుల బ్యాంకులకు చేరిన ఆ వెయ్యి కోట్లే సాయంత్రానికి కాల్ మార్కెట్‌లో అమ్మకానికి వస్తాయి. కానీ ఆర్‌బీఐ సీఆర్‌ఆర్ పెంచితే అందరికీ ఒకేసారి లోటు వస్తుంది. 2022 మే 4న, మామూలు సమీక్షకు ముందే సమావేశమై, సీఆర్‌ఆర్‌ను 4 నుంచి 4.5కు పెంచుతున్నట్టు చెప్పినప్పుడు బ్యాంకింగ్ వ్యవస్థ నుంచి 87,000 కోట్లు పోతాయని ఆర్‌బీఐయే లెక్క చెప్పింది. వ్యవస్థ మొత్తంలో తరిగిన ఆ నిల్వను ఏ బ్యాంకూ మరో బ్యాంకుకు ఇవ్వజాలదు, తిరిగి పుట్టించగలిగేది ఆర్‌బీఐ ఒక్కటే. సీఆర్‌ఆర్ బ్యాంకులను ఆర్‌బీఐ గుమ్మం దగ్గరకు తెస్తుంది, రెపో రేటు ఆ గుమ్మం దగ్గర ధర చెబుతుంది. ఆ రోజే రెపో రేటును కూడా 4 నుంచి 4.40కు పెంచారు.

వ్యవస్థలో లోటు రావడానికి సీఆర్‌ఆర్ పెంపే అక్కరలేదు. ముందస్తు ఆదాయపు పన్ను గడువైన జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి 15వ తేదీలు, ప్రతి నెల 20వ తేదీన జీఎస్‌టీ. ప్రభుత్వ ఖాతా ఆర్‌బీఐ దగ్గర ఉంటుంది కనుక పన్ను కట్టిన డబ్బు బ్యాంకుల నుంచి పూర్తిగా బయటికి పోతుంది, ప్రభుత్వం ఖర్చు పెట్టేదాకా తిరిగి రాదు. ఆ వారాల్లో ట్రెజరీలో ఎవరికీ సెలవు ఇచ్చేవాళ్లం కాదు. 2025 జనవరిలో లోటు బాగా ముదిరి, ఆర్‌బీఐ ఆ నెల 16 నుంచి రోజువారీ రెపో వేలం మొదలుపెట్టాల్సి వచ్చింది.

పెరిగిన డిపాజిట్ల మీద మాత్రమే వేసే అదనపు సీఆర్‌ఆర్ మరో రకం. 2023లో రెండు వేల నోట్లు వెనక్కి రావడంతో బ్యాంకుల్లో డబ్బు పేరుకుంది. మే 19 నుంచి జూలై 28 మధ్య పెరిగిన ఎన్‌డీటీఎల్ మీద 10 శాతం అదనంగా నిలపమని ఆగస్టు 12 నుంచి ఆదేశించారు. ఆ కాలంలో 3,000 కోట్లు పెరిగిన బ్యాంకు మామూలు 4.5 శాతానికి తోడు మరో 300 కోట్లు ఉంచాలి. డిపాజిట్లు పెరగని బ్యాంకు మీద ఏ భారమూ లేదు. సెప్టెంబరు 9న పావు వంతు, 23న మరో పావు, అక్టోబరు 7న తక్కిన సగం విడుదల చేశారు, పండుగల కాలానికి అప్పుల కోసం డబ్బు ఉండాలని. సీఆర్‌ఆర్‌ను ఇంత సున్నితంగా వాడవచ్చని నాకు అప్పుడే అర్థమైంది.

ఒక మాట జాగ్రత్తగా గుర్తుంచుకోవాలి. ఈ పరికరాలు లాగగలవు కానీ నెట్టలేవు. 2020 మార్చిలో సీఆర్‌ఆర్ 3కు తగ్గింది, మే నాటికి రెపో 4కు వచ్చింది. అయినా బ్యాంకులు లక్షల కోట్లను 3.35 శాతం వడ్డీకి తిరిగి ఆర్‌బీఐ దగ్గరే దాచుకున్నాయి. అప్పు అడిగేవాళ్లు తగ్గారు, ఇచ్చేవాళ్లు భయపడ్డారు. 2025లో సీఆర్‌ఆర్‌ను సెప్టెంబరు నుంచి నవంబరు వరకు నాలుగు విడతల్లో 4 నుంచి 3కు దించి దాదాపు రెండున్నర లక్షల కోట్లు వదిలినప్పుడు కూడా, అలా చేతికి వచ్చిన డబ్బుతో ఏ ట్రెజరీ అయినా మొదట చేసేది రాత్రికి రాత్రి తెచ్చుకున్న అప్పులు తగ్గించుకోవడం. అప్పు ఇవ్వాలా వద్దా అన్నది మూలధనం, అడిగేవాడి పరపతి చూసి తీసుకునే వేరే నిర్ణయం.

సీఆర్‌ఆర్ నిల్వ మీద ఆర్‌బీఐ వడ్డీ ఇవ్వదు, అది అప్పు ధరలో కనిపిస్తుంది. డిపాజిట్‌కు 7 శాతం ఇస్తూ వందలో 4.5 ఊరికే ఉంచితే, పనికొచ్చే 95.5 మీద నిజమైన ఖర్చు 7.33 శాతం. బ్యాంకు తన నిధుల ఖర్చును బట్టి అప్పులకు కట్టే కనీస రేటైన ఎంసీఎల్‌ఆర్ లెక్కలో దీనికి ప్రత్యేకంగా ఒక వరుసే ఉంది. రెపో రేటు మార్పు మాత్రం రెపోతో ముడిపడిన ఇళ్ల రుణాలకు, చిన్న పరిశ్రమల రుణాలకు నేరుగా చేరుతుంది, ఎంసీఎల్‌ఆర్‌కు డిపాజిట్ల ధర మారాక నెమ్మదిగా చేరుతుంది.

ఇక మీ మేనేజరు గారి మాట. ఒక జిన్నింగ్ మిల్లు సీసీ లిమిట్‌లో కోటో రెండు కోట్లో పెంచితే ఏ బ్యాంకు సీఆర్‌ఆర్ నిల్వా కదలదు, ట్రెజరీకి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. వ్యవస్థ నిజంగా బిగిసినప్పుడు హెడ్డాఫీసులు వందల కోట్ల విడుదలలను వాయిదా వేయిస్తాయి, పెద్ద డిపాజిట్లకు రేటు పెంచుతాయి, కొత్త అప్పులకు ధర పెంచుతాయి. చిన్న లిమిట్‌ను "లేదు" అనేది సాధారణంగా స్టాకు స్టేట్‌మెంట్లు, టర్నోవర్, డ్రాయింగ్ పవర్ చూసే క్రెడిట్ విభాగం. అయినా ఆయన మాటను పరీక్షించుకునే వీలు మీకు ఉంది. ఆర్‌బీఐ ప్రతి పనిదినం ద్రవ్య మార్కెట్ కార్యకలాపాల ప్రకటన ఇస్తుంది. అందులో మూడు అంకెలు చూడండి: కాల్ మార్కెట్ సగటు రేటు రెపో కంటే పైన ఉందా, కింద ఉందా, ఎంఎస్‌ఎఫ్ కింద బ్యాంకులు ఎంత తీసుకున్నాయి, ఆర్‌బీఐ దగ్గర బ్యాంకుల నగదు నిల్వ, అక్కడే ఇచ్చిన పక్షం సగటు అవసరం కంటే ఎంత ఎక్కువ లేదా తక్కువ. కాల్ రేటు రెపోకు దిగువన ఉండి, ఎంఎస్‌ఎఫ్ వాడకం నామమాత్రంగా ఉంటే, లిమిట్ సంగతిని లిక్విడిటీ మీద పెట్టకుండా మీ ఫైలులో ఏం తక్కువైందో రాతపూర్వకంగా చెప్పమని అడగండి.